మూడో హోల్డు

తాడేపల్లిగూడెం స్టేషన్ రోడ్డులో జయకృష్ణ గారి టికెట్ల షాపుకి ఎవరొచ్చినా ముందు అడిగేది జయకృష్ణ గారి కోసం కాదు, వీరదుర్గ కోసం. పదకొండేళ్లుగా ఆ కంప్యూటరు ముందు కూర్చుంటోంది. రైలు, బస్సు, విమానం, ఏదైనా సరే. ఎవరి మాటా వినని కంప్యూటరు ఆమె మాట వింటుందని గూడెంలో సగం మంది నమ్మకం. ఆమె భర్త రైసు మిల్లులో పని. ఇద్దరు పిల్లలు. ఇంతే సంసారం. గొప్పలు లేవు, గొడవలు లేవు.

ఆమెకి మాత్రం ఒక గొప్ప ఉంది. తేల్చుకోలేని కుటుంబాలకి టికెట్టు తీయడంలో ఆమెని మించినవాళ్లు లేరు. అబ్బబ్బ, ఎన్ని రకాల కుటుంబాలని! తారీకు తేలకుండానే అయిదుగురూ కట్టగట్టుకుని వచ్చేస్తారు. పెద్దాయన పదో తారీకు అంటాడు, ఆవిడ పది అష్టమి అంటుంది, కొడుక్కి సెలవు దొరకదు, కోడలికి ఆ తేదీలు పనికిరావు, ఎందుకు పనికిరావో పదిమందిలో చెప్పలేదు. చేపల చెరువు పట్టుబడి ఎప్పుడో తెలీకుండా కదలలేనని అల్లుడు మొండికేస్తాడు. వాళ్లు అలా పోట్లాడుకుంటూ ఉండగానే అవతల ధర రెండు వేలు పెరుగుతుంది.

అలాంటివాళ్లకి వీరదుర్గ హోల్డు పెడుతుంది. కొన్ని విమాన కంపెనీల సైట్లలో ఉంటుంది ఆ సదుపాయం. డబ్బంతా ఇప్పుడే కట్టక్కర్లేదు. చిన్న ఫీజు కడితే ఆ సీటు, ఆ ధర డెబ్బై రెండు గంటలు మన పేరు మీద ఆగి ఉంటాయి. ఆ లోపల మిగతాది కడితే టికెట్టు. కట్టకపోతే దానంతట అదే పోతుంది. ఫీజూ పోతుంది.

"బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుతాం చూడండి, అదేనండీ ఇది," అని చెబుతుంది ఆమె. "కాకపోతే ఈ తువ్వాలుకి అద్దె కట్టాలి. ఆ అద్దె టికెట్టులో కలవదు, తిరిగీ రాదు. తారీకు మార్చుకుంటానంటే కుదరదు, కొత్త తారీకుకి కొత్త తువ్వాలే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇప్పుడే చెప్పాలి. ఇంటికెళ్లి నిదానంగా పోట్లాడుకోండి. మూడు రోజుల్లో తేల్చుకుని రండి."

జనం నవ్వుకుంటూ వెళ్లేవారు. మూడు రోజుల్లో తేల్చుకునే వచ్చేవారు. ఊరందరికీ ఇంత ఒద్దికగా చెప్పే మనిషి, సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎలా మోసపోయిందో చెబుతాను.

వీరదుర్గకి ఒక అన్న, ఒక అక్క. అన్న సూర్యనారాయణ మండవల్లిలో ఉంటాడు. కాస్త వరిచేను, చేపల మేత వ్యాపారం. అక్క లక్ష్మీప్రసన్న కువైట్‌లో ఉంటుంది. భర్త చనిపోయిన ఏడాదే, తొమ్మిదేళ్ల కూతురు తేజస్విని అన్నగారింట్లో అప్పజెప్పి విమానం ఎక్కింది. మంచం దిగలేని ఒక ముసలమ్మని చూసుకునే పని. నీళ్లు పోయడం, తినిపించడం, పక్క మార్చడం. పన్నెండేళ్లలో మూడుసార్లు వచ్చింది. పంపిన ప్రతి పైసా అన్నగారి చేతికే పంపింది. తేజస్వి బీటెక్ అయింది, మొన్న మాఘమాసంలో కలిదిండి సంబంధం కుదిరింది. చెరువులున్న కుటుంబం, అబ్బాయి బుద్ధిమంతుడు, బెజవాడలో ఉద్యోగం.

ఏప్రిల్ రెండో వారంలో సూర్యనారాయణ ఫోన్ చేశాడు. "దుర్గమ్మా, పంతులుగారు రెండు ముహూర్తాలు రాశారే. మే ఎనిమిది, మే ఇరవై ఒకటి. మగపెళ్లివారు ఏదో ఒకటి తేలుస్తారు. అక్కకి నువ్వే చెప్పు."

ఆ సాయంత్రమే అక్క ఫోను. ఆ గొంతులో పన్నెండేళ్లుగా లేని హుషారు.

"దుర్గా, మా మేడమ్ పదిహేను రోజులే సెలవిస్తానందే. తారీకు ఒక్కసారే చెప్పాలంట, మళ్లీ మారిస్తే ఊరుకోదంట. నా బదులు ఇంకో మనిషిని తెచ్చుకోవాలి గదా పాపం. అందుకే ఏ తారీకో ఖాయంగా తెలిశాకే చెప్తానన్నాను."

"హోల్డు పెడతానక్కా. కంగారు పడకు."

"పీటల మీద నేనెలాగూ కూర్చోకూడదు. అన్నయ్యా వదినా కన్యాదానం చెయ్యనీ, వాళ్లే పెంచారు. మంగళస్నానం దగ్గర కూడా నన్ను ముట్టుకోనివ్వరు, తెలుసు. జడ మాత్రం నేనే వేస్తానే. బయలుదేరిన రోజు పొద్దున్న దానికి రెండు జడలు వేసి స్కూలుకి పంపాను. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ తర్వాత మళ్లీ వెయ్యనేలేదు. వచ్చినప్పుడల్లా పెద్దదాన్నయ్యానమ్మా అనేది. పెళ్లిజడ వేస్తానంటే కాదనదు గదా?"

"ఎందుకంటుందక్కా!" అంది వీరదుర్గ. ఆమెకి కళ్లు చెమర్చాయి.

శనివారం సాయంత్రం ఆరు గంటలకి మే అయిదున వచ్చి ఇరవైన తిరిగి వెళ్లేట్టు మొదటి హోల్డు పెట్టింది. కువైట్ నుంచి హైదరాబాదు, అక్కడ నుంచి రైల్లో గూడెం. ఎనిమిదో తారీకు పెళ్లయితే సరిగ్గా సరిపోతుంది. ముప్ఫై ఎనిమిది వేల చిల్లర. అక్క డబ్బు అన్నయ్య దగ్గరుంది గనక, తారీకు తేలగానే ఆయనే కడతాడు. మంగళవారం సాయంత్రం ఆరు దాకా గడువు.

ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఫోను. "దుర్గమ్మా, ఆ హోల్డుకి ఇంకా ఎంత టైముందే?"

"రేపూ ఎల్లుండీ ఉందన్నయ్యా. ఎల్లుండి ఆరింటికి పోతుంది."

సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న. సోమవారం రెండుసార్లు. మంగళవారం పొద్దున్న, మధ్యాహ్నం. అక్క గురించి ఎంత ఆరాటమో చూశారా అనుకుంది వీరదుర్గ. షాపులో జయకృష్ణ గారితో చెప్పుకుంది కూడా. "మా అన్నయ్య బంగారమండీ. పూటకోసారి టైమెంతుందని అడుగుతాడు."

మంగళవారం అయిదున్నరకి ఆమే చేసింది. "అన్నయ్యా, అరగంటే ఉంది. తేలిందా?"

"అబ్బాయి పెదనాన్న గారు వైజాగ్ నుంచి రాలేదంట. ఆయన మాట లేకుండా చెప్పలేం అంటున్నారు. మగపెళ్లివాళ్లని మనం తొందరపెట్టలేం గదమ్మా. కట్టేశాక ఇరవై ఒకటి అన్నారనుకో, టికెట్టూ పోతుంది, దాని సెలవూ పోతుంది."

మాట సబబుగానే ఉంది. ఆరయింది. తెర మీద హోల్డు రద్దయిందని వచ్చింది. అక్కకి చెబితే "పోనీలే, మంచికే అయ్యుంటుంది. ఇరవై ఒకటికి పెట్టు," అంది. అప్పటికప్పుడే రెండో హోల్డు పెట్టింది వీరదుర్గ. మే పద్దెనిమిదిన రాక, జూన్ రెండున పోక. ధర మూడు వేలు పెరిగింది. కొత్త ఫీజు తన జేబులోంచే వేసింది. గడువు శుక్రవారం సాయంత్రం ఆరుకి కొంచెం అటూ ఇటూగా.

బుధవారం అన్నయ్య ఫోను. "ఇంకా ఎంత టైముందే?"

శుక్రవారం పొద్దున్న పదింటికి షాపు తీసిన కాసేపటికి భీమశంకరం గారు వచ్చారు. సన్నాయి విద్వాంసుడు, ఆ చుట్టుపక్కల ఆయన మేళం లేకుండా పెళ్లి జరగదు. మే నెలలో కుటుంబంతో తిరుపతి వెళ్లడానికి మార్చిలో ఈ షాపులోనే టికెట్లు తీయించుకున్నారు.

"అమ్మాయ్, మే రెండో తారీకు టికెట్లు క్యాన్సిల్ చేసెయ్యమ్మా. స్వామి ఈసారికి వద్దన్నాడు. పెళ్లి ఒప్పుకున్నాను."

"ఎక్కడండీ పెళ్లి?"

"మండవల్లి. మేత సూర్యనారాయణ గారి మేనకోడలు. కలిదిండి వాళ్లకి ఇస్తున్నారు. చెరువులవాళ్లు, మేళం గట్టిగా ఉండాలన్నారు."

వీరదుర్గ కంప్యూటరు మీద నుంచి చేతులు తీసేసింది. "మే రెండా? మే రెండని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పడమేంటమ్మా! లగ్నపత్రిక రాసుకున్నరోజే నాకు తాంబూలమిచ్చారు. పది రోజులైంది. ఇదిగో శుభలేఖ." సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు.

మే రెండు, శుక్రవారం, రాత్రి ముహూర్తం. తేజస్వి పేరు. ఆహ్వానించువారు సూర్యనారాయణ, రత్నమాణిక్యం దంపతులు. తేజస్వి పేరు కింద చిన్న అక్షరాల్లో, కీర్తిశేషులు ఫలానా గారి కుమార్తె అని ఉంది. ఆ ఫలానా, బావగారు. ఆమె కార్డు తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది. అక్క పేరు ఎక్కడా లేదు. పన్నెండేళ్ల క్రితం పోయినవాడికి కార్డులో చోటుంది గానీ, ఆ పెళ్లికి కూలి చేసి డబ్బు పంపినదానికి లేదు!

"ఏమ్మా, అలా అయిపోయావు? నీకు తెలిసినవాళ్లా?" అన్నారు భీమశంకరం గారు.

"మా అన్నయ్యేనండీ," అంది వీరదుర్గ.

ఆయన టికెట్లు క్యాన్సిల్ చేసి, కార్డు అడిగి తీసుకుని, జయకృష్ణ గారికి చెప్పి ఏలూరు బస్సెక్కింది. ఫోన్ చేయలేదు. ఫోన్లో అయితే మళ్లీ ఏదో పెదనాన్నని తెస్తాడని తెలుసు. ఏలూరులో దిగి కైకలూరు మీదుగా పోయే బస్సు పట్టుకుంది. కొల్లేరు మీదుగా పోతుంటే రోడ్డుకి రెండు వైపులా చెరువులు, వాటి మధ్య నీళ్లు చిమ్ముతున్న ఏరియేటర్లు, గట్ల మీద మేత బస్తాలు. మామూలుగా ఆ దారిలో కొంగల్ని చూస్తూ కూర్చుంటుంది. ఆ రోజు ఒడిలో కార్డు పెట్టుకుని లెక్క వేసుకుంది. మే అయిదు. మే పద్దెనిమిది. రెండు హోల్డులూ పెళ్లయిపోయాక వచ్చే తారీకులే! తన చేత్తో, తన కంప్యూటరు మీద, తన ఫీజు కట్టి మరీ, అక్కని పెళ్లి అయ్యాక దింపేట్టు రాసిపెట్టింది. పూటపూటకీ టైమెంతుందని అన్నయ్య అడిగింది ఎందుకో అప్పుడు అర్థమైంది. గడువు దాటే దాకా కాపలా కాశాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈమె ఏం పడుతుంది పాపం!

మండవల్లిలో దిగేసరికి రెండైంది. ఇల్లు సున్నం వేశారు. అరుగు మీద కొత్త తడికెల వాసన. అన్నయ్య భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. వదిన రత్నమాణిక్యం పసుపు దంచే రోలు కడిగిస్తోంది. చెల్లెల్ని చూసి ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఒకేసారి ఆపేశారు. ఆమె చేతిలో కార్డుంది.

"ఇదేంటన్నయ్యా?"

"కూర్చో. ముందు మంచినీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత. ఇదేంటో చెప్పు."

సూర్యనారాయణ తువ్వాలుతో చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "చెబుదామనే అనుకున్నాను. నీకు చెబితే దానికి చెప్పేస్తావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా. అబ్బాయివాళ్లకి లక్ష్మి కువైట్‌లో నర్సు అని చెప్పాం. పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు అని. ఇప్పుడు అది వచ్చి దిగిందనుకో. వియ్యపురాలు పద్మప్రియ గారు ఊరికే ఉండే మనిషా? ఏ ఆసుపత్రమ్మా, ఏ వార్డమ్మా, జీతమెంతమ్మా అని అడుగుతుంది. మన లక్ష్మి అబద్ధమాడగలదా? ముసలమ్మ పక్క గుడ్డలు మారుస్తానండీ అని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది."

"చెబితే ఏం? దొంగతనం చేస్తోందా?"

"నువ్వు అలాగే అంటావు. వాళ్లనరు."

వదిన అందుకుంది. "అయినా దుర్గా, ముత్తైదువుల పని ఒక్కటీ ఆవిడ చెయ్యకూడదు. వచ్చి వెనకాల ఓ మూల నిలబడి చూడటానికి నలభై వేలెందుకు? పెళ్లయ్యాక నిదానంగా వస్తుంది. అల్లుడూ కూతురూ కాళ్లకి మొక్కుతారు. ఇంకా బాగుంటుంది."

"పెళ్లయ్యాక వస్తే ఏమని చెబుదామనుకున్నారు?"

అన్నయ్య ఆమె వైపు చూడలేదు. "మగపెళ్లివారు ఉన్నట్టుండి ముందుకి జరిపారు, హోల్డులు పోయాయి, టికెట్లు దొరకలేదు అని."

"ఎవరు చెబుతారు?"

వదిన మళ్లీ రోలు వైపు తిరిగింది. జవాబు అక్కర్లేదు కూడా. టికెట్ల సంగతి టికెట్లమ్మాయే గదా చెప్పాలి! ఆమె మాటైతే అక్క మారు మాట్లాడకుండా నమ్ముతుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి అనుకుంది వీరదుర్గ.

"నన్ను ముందు పెట్టి దాని గొంతు కోశారా అన్నయ్యా? పన్నెండేళ్లు మీ గోడలకి సున్నం దాని డబ్బుతోనే వేసుకున్నారు గదా. మీకు నోరెలా వచ్చింది?"

"గట్టిగా అరవకే, పక్కవాళ్లు వింటారు," అన్నాడు సూర్యనారాయణ.

"విననీ! సరే, అయిందేదో అయింది. ఇంకా దాటిపోలేదు. ఇవాళ పద్దెనిమిది. ఇరవై తొమ్మిదిన బయలుదేరితే ముప్ఫై పొద్దున్న గూడెంలో ఉంటుంది. విమానం ఉంది, బస్సులో వస్తూ ఫోన్లో చూశాను. దానిచేత నర్సునని చెప్పించే పూచీ నాది. తేజస్వి ఏదీ?"

తేజస్వి గదిలోనే ఉంది. అంతా వింటూనే ఉందని మంచం మీద కూర్చున్న తీరే చెప్పింది. మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని. చేతులకి గోరింటాకు మచ్చు పెట్టి చూసుకున్నారు, ఒక అరచేతిలో సగం పువ్వు. వీరదుర్గ పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. ఈ పిల్ల తన వైపే ఉంటుందన్న ధీమా ఇంకా ఉంది ఆమెకి.

"తేజూ, వాళ్ల సంగతి వదిలెయ్యి. నువ్వు ఒక్క మాట చెప్పు. అమ్మని రమ్మని చెప్పు. నేను ఇప్పుడే, ఇక్కడే టికెట్టు తీస్తాను. డబ్బు నా బంగారం పెట్టి తెస్తాను. పెళ్లిజడ తనే వేస్తుందంట. ఎంత ఆశపడుతోందో తెలుసా?"

తేజస్వి గోడ మీద గడియారం వైపు చూసింది. తర్వాత ఫోను వైపు చూసింది. తర్వాత మెల్లిగా, దాదాపు వినబడకుండా అడిగింది.

"పిన్నీ, ఆ ఇరవై ఒకటి హోల్డుకి ఇంకా ఎంత టైముంది?"

వీరదుర్గ చెయ్యి వదిలేసింది.

అన్నయ్య పూటకోసారి అడిగిన మాటే. అదే మాట, అదే వరస. అంటే ఆ ఫోన్లన్నీ అన్నయ్య పక్కన నిలబడి ఈ పిల్లే చేయించిందన్నమాట. అడగకూడదనుకుంటూనే అడిగింది. "నర్సు అని చెప్పింది ఎవరే?"

"నేనే పిన్నీ." తేజస్వి కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "మొదట్లో ఆయన అడిగితే నర్సు అన్నాను. ఏదో నోటికొచ్చేసింది. తర్వాత వాళ్లమ్మగారు పదిమందికి చెప్పుకున్నారు. ఇప్పుడు కాదంటే నన్నేమనుకుంటారు? అమ్మంటే నాకు ప్రేమ లేక కాదు. పెళ్లయ్యాక నేనే చెప్పుకుంటాను ఆయనకి. నిదానంగా. నువ్వు అమ్మకి ఇప్పుడేం చెప్పకు, ప్లీజ్ పిన్నీ. హోల్డు పోయిందని చెప్పు. అంతే."

అన్నయ్య మీద అరవొచ్చు, వదినతో పోట్లాడొచ్చు, ఈ పిల్లని ఏం చెయ్యను? తన చేతుల్లో జ్వరానికి తడిగుడ్డ వేయించుకున్న పిల్ల. వీరదుర్గ లేచి చెప్పులేసుకుంది. వదిన అన్నం తిని వెళ్లమంది. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు ఆమె.

కైకలూరు దాటి బస్సు కొల్లేరు మీదికి వచ్చేసరికి అయిదు దాటింది. వీరదుర్గ ఫోన్లోనే, ఎవరినీ అడగకుండా, మూడో హోల్డు పెట్టింది. ఏప్రిల్ ఇరవై తొమ్మిది రాక, మే పదమూడు పోక. ఆ కంపెనీ పద్ధతిలో ప్రయాణానికి వారం రోజుల లోపుంటే హోల్డు బటనే కనబడదు, ఇది ఇంకా పదకొండు రోజులుంది గనక కనబడింది. అక్క పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఆమెకి కంఠతా వచ్చు. గడువు సోమవారం సాయంత్రం దాకా. కాసేపటికి ఫోను కుయ్యిమంది. రెండో హోల్డు రద్దయిందని మెసేజి.

ఆ వెంటనే అక్క ఫోను. "దుర్గా, ఆరు దాటింది గదే. ముహూర్తం తేలిందా?"

అబద్ధం చెప్పడం వీరదుర్గకీ రాదు. ఆ తల్లి కడుపునే పుట్టింది. "తేలిందక్కా," అని మొదలుపెట్టి అంతా చెప్పేసింది. కార్డు గురించి చెప్పింది, నర్సు గురించి చెప్పింది. నర్సు అన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. వాళ్లు చెప్పారు అంది. "కానీ ఇంకా ఏం మించిపోలేదక్కా. ఇరవై తొమ్మిదికి హోల్డు పెట్టాను. డబ్బు నేను చూసుకుంటాను. నువ్వు ఇవాళే మేడమ్‌కి చెప్పు. తిన్నగా మా ఇంటికి రా. అక్కడ నుంచి ఇద్దరం కలిసి పెళ్లికి వెళదాం. ఎవడాపుతాడో చూస్తాను."

అవతల తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"తేజు రమ్మందా?" అని అడిగింది అక్క.

పక్క సీట్లో ఎవరో మామిడికాయ కోసుకుంటున్నారు. వీరదుర్గ ఆ చాకు వైపు చూస్తూ ఉండిపోయింది. "అది చిన్నపిల్లక్కా," అంది చివరికి.

"సోమవారం దాకా ఉంది గదా. దానికి నేను ఫోను చెయ్యను. నువ్వూ చెయ్యకు. నీకు నిజం తెలిసిందని దానికి తెలుసు గదా, నాకు తెలిసిపోతుందని కూడా తెలుస్తుంది. మూడు రోజులుంది. చేస్తే అదే చేస్తుంది. ఒక్క ఫోను చేసి రావే అమ్మా అంటే చాలు, కట్టెయ్యి."

ఊళ్లో తేల్చుకోలేని కుటుంబాలకి వీరదుర్గ ఎన్ని వందల హోల్డులు పెట్టిందో. ఏ హోల్డుకీ ఇలా చూడలేదు. శనివారం పోయింది. ఆదివారం పోయింది. అన్నయ్య ఫోను చెయ్యలేదు, ఇప్పుడాయనకి టైముతో పని లేదు. సోమవారం భర్త ఆమె గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు బ్యాంకులో వేశాడు. "నువ్వు కట్టెయ్యి, పిల్ల సంగతి తర్వాత చూసుకుందాం," అన్నాడు. మంచి మనిషి. జయకృష్ణ గారు కూడా అదే అన్నారు.

అయిదున్నరకి అక్క ఫోన్ చేసింది. "చేసిందా?"

"లేదక్కా. నీకు?"

"లేదు."

"నేను కట్టేస్తున్నానక్కా. డబ్బు సిద్ధంగా ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. నువ్వు తల్లివే, నీకు పిలుపేంటి?"

"కట్టకు." లక్ష్మీప్రసన్న ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది. "అన్నయ్య వద్దంటే వచ్చేదాన్నే. వదిన వద్దన్నా వచ్చేదాన్ని. మూల నిలబడమంటే నిలబడేదాన్ని. నర్సు అనమంటే అనేదాన్ని కూడా. నర్సు అని చెప్పింది అదేనా?"

వీరదుర్గ తెర మీద తగ్గుతున్న నిమిషాల వైపు చూసింది.

"నాకు తెలుసులే. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది అదే అడిగింది నన్ను. అమ్మా, నువ్వేం పనిచేస్తావని స్కూల్లో అడిగారంట. నర్సు అని చెప్పమ్మా అన్నాను. నేనే నేర్పాను." వెనకాల ముసలమ్మ ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది. ఆవిడకి అరబ్బీలో ఏదో జవాబు చెప్పింది అక్క. తర్వాత ఫోన్లోకి అంది. "మేడమ్‌కి తారీకు చెప్పకపోవడం మంచిదైంది దుర్గా. లేకపోతే ఆ కొత్త మనిషి ఊరికే వచ్చి కూర్చునేది."

ఫోను పెట్టేసింది. తెర మీద మూడో హోల్డుకి ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. అన్నదమ్ములిద్దరు విమానం టికెట్లు తీయాలని వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. తమ్ముడు పదిహేను అంటున్నాడు, అన్న ఇరవై అంటున్నాడు. "తేలకపోతే హోల్డు పెట్టించుకుందాంరా, మూడు రోజులుంటుందంట," అన్నాడు పెద్దాయన. "అంతేనా అమ్మా?"

"అంతేనండీ," అంది వీరదుర్గ. ఆ మిగిలిన నిమిషాలు పూర్తయ్యేదాకా వాళ్లని కూర్చోమంది.